సంఘం లేఖను సమాచారంగా అంగీకరించాలి

కోసి పొలంలో ఆరబెట్టిన వరి మీద అకాల వర్షం పడితే ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం కింద రైతుకు దొరికే గడువు 72 గంటలు. 2016లో పథకం మొదలైనప్పుడు ఇది 48 గంటలే. 2018లో సవరించిన మార్గదర్శకాలు మరో 24 గంటలు కలిపాయి. ఈ గడువులోగా నష్టం గురించి బీమా కంపెనీకో, బ్యాంకుకో, వ్యవసాయ శాఖకో, టోల్‌ఫ్రీ నంబరు 14447కో తెలియజేయాలి. కృష్ణా డెల్టాలో కోతల రోజుల్లో తుపాను వచ్చిందంటే ముందు పోయేది కరెంటు, ఆ వెనకే ఫోన్ సిగ్నలు. చేలో నీళ్లు తోడి పనలను గట్టుకు చేర్చే పనిలో ఉన్న రైతు ఆ మూడు రోజుల్లో యాప్ తెరిచి, ఫోటో తీసి, అప్లికేషన్ నంబరు ఎక్కించడం చాలా ఊళ్లలో జరిగే పని కాదు. అందుకే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం అందరి తరఫునా ఒక లేఖ రాస్తుంది. ఆ లేఖ రైతును కాపాడుతుందా లేదా అన్నది అందులో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

‘మా గ్రామంలో అకాల వర్షాలకు వరి పంట తీవ్రంగా దెబ్బతిన్నది. దయచేసి నష్టపరిహారం ఇప్పించగలరు’ అని లెటర్‌హెడ్ మీద రాసి, కింద నలభై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పంపితే అది వినతిపత్రం అవుతుంది తప్ప బీమా సమాచారం కాదు. ఏ రైతుకు, ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణంలో, ఏ రోజు నష్టం జరిగిందో అందులో లేదు. పంటకోత తర్వాత నష్టాన్ని ఈ పథకంలో ఊరంతటికీ కలిపి కాకుండా రైతువారీగా, పొలంవారీగా లెక్కిస్తారు. వివరాలు లేని లేఖను కంపెనీ పక్కన పెడితే తప్పుపట్టడానికి సంఘం చేతిలో ఆధారం ఉండదు.

ఇంతకంటే పెద్ద చిక్కు పంట ఉన్న స్థితి దగ్గర వస్తుంది. పంటకోత తర్వాత నష్టం కింద రక్షణ ఉన్నది కోసి పొలంలోనే పరిచి ఆరబెట్టిన పంటకూ, చిన్న కట్టలుగా కట్టి చేలోనే ఉంచిన పంటకూ మాత్రమే. అదీ కోసిన రోజు నుంచి 14 రోజుల వరకే. తుపాను, తుపాను వల్ల కురిసే వాన, అకాల వర్షం, వడగళ్లు దీని పరిధిలోకి వస్తాయి. పనలు ఎత్తి కుప్ప వేస్తే ఈ రక్షణ వర్తించదు. మిషన్‌తో కోయించి, ధాన్యాన్ని రోడ్డు మీదో కల్లంలోనో ఆరబోసినా అంతే. ఇంకా కోయని చేను వానకు, గాలికి పడిపోతే దాన్ని ఈ పద్దులో చూడరు. సీజను చివర పంటకోత ప్రయోగాల్లో గ్రామ సగటు దిగుబడి ఎంత పడిపోయిందో తేలాకే దాని పరిహారం తేలుతుంది. దానికి 72 గంటల సమాచారం అక్కర్లేదు, ఇచ్చినా అదనంగా ఒరిగేది లేదు. ఒకే ఊళ్లో, ఒకే వానకు తడిసిన వరి నాలుగు రకాలుగా ఉంటుంది. వాటన్నిటినీ కలిపి ‘వరి నష్టం’ అని ఒక్క మాటలో రాసేస్తే, పరిశీలనకు వచ్చిన అధికారి మొదట చూసిన రెండు చేలల్లో కుప్పలు కనబడితే జాబితా మొత్తం మీద అనుమానం పడుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. డెల్టాలో ఒక సంఘం పరిధిలోని గ్రామంలో డిసెంబరు 1, సోమవారం రాత్రి 11 గంటలకు వాన మొదలై మర్నాడు సాయంత్రం దాకా ఆగలేదనుకుందాం. వాన ఎప్పుడు ఆగిందన్న దాన్ని బట్టి గంటలు లెక్కపెట్టుకోవడం ప్రమాదం. మొదలైనప్పటి నుంచే లెక్కపెట్టుకుంటే గడువు గురువారం రాత్రి 11తో ముగుస్తుంది. సంఘం లేఖ బుధవారం సాయంత్రం 4 గంటలకు, అంటే 41వ గంటలో మెయిల్‌లో వెళ్లింది. అదే సమయానికి ఒక ప్రతి మండల వ్యవసాయాధికారి కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, సమయంతో ముద్ర వేయించుకున్నారు.

ఆ లేఖలోని ముఖ్య భాగం ఇలా ఉండాలి: ‘మా సంఘ సభ్యులు కోసి పొలంలో పనలుగా ఆరబెట్టిన వరికి డిసెంబరు 1 రాత్రి 11 గంటలకు మొదలైన అకాల వర్షం వల్ల నష్టం జరిగింది. పంటకోత అనంతర నష్టం కింద ఈ సమాచారం ఇస్తున్నాము. జత చేసిన పట్టికలోని ప్రతి వరుసనూ ఆ రైతు వ్యక్తిగతంగా ఇచ్చిన సమాచారంగా పరిగణించగలరు. కోయని చేలు, కుప్పలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఈ పట్టికలో చేర్చలేదు.’ ఈ చివరి వాక్యమే లేఖకు బలం. సంఘం తన జాబితాను తానే వడపోసిందని చదివే వాడికి తెలుస్తుంది.

పట్టికలో రైతు పేరుతో పాటు బీమా అప్లికేషన్ నంబరు, సర్వే నంబరు, బీమా చేసిన విస్తీర్ణం, అందులో దెబ్బతిన్న విస్తీర్ణం, కోసిన తేదీ, పంట ఉన్న స్థితి ఉండాలి. కౌలు రైతు అయితే పంట సాగుదారు హక్కు పత్రం వివరం కూడా చేర్చాలి. లేకపోతే పొలం ఒకరి పేరున, నష్టం మరొకరి పేరున కనబడి దరఖాస్తు ఆగుతుంది. అన్ని గడులూ నింపడానికి టైము చాలకపోతే గాబరా పడనక్కర్లేదు. సగం నింపిన ఫారం ముందు పంపి, నష్టం జరిగిన 7 రోజుల్లోగా పూర్తి ఫారం ఇవ్వవచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ వెసులుబాటు తెలియక, కాగితాలన్నీ చేతికొచ్చేదాకా ఆగి గడువు పోగొట్టుకోవడం అన్నిటికంటే బాధాకరం.

ఆ పట్టికలో ఒక వరుస తీసుకుందాం. రెండెకరాలకు బీమా ఉన్న రైతు నవంబరు 27న ఎకరంన్నర కోశాడు. మిగతా అరెకరం కోయలేదు. వాన నాటికి కోసి నాలుగు రోజులైంది, 14 రోజుల లోపే. అతని వరుసలో రాయాల్సింది ఎకరంన్నరే. రెండెకరాలూ రాస్తే పరిశీలనలో అరెకరం నిలబడి కనిపిస్తుంది, మిగతా ఎకరంన్నర మీదా అనుమానం మొదలవుతుంది. ఎకరానికి బీమా మొత్తం 40 వేలు అనుకుని, నష్టం 60 శాతంగా తేలితే అతనికి రావలసింది 36 వేలు. సీజను చివర గ్రామ దిగుబడి ప్రకారం లెక్క ఇంతకంటే ఎక్కువ వస్తే ఆ తేడా కూడా రావాలి.

నష్టం అంచనా వేయడానికి కంపెనీ సమాచారం అందిన 48 గంటల్లో మనిషిని నియమించాలి, 10 రోజుల్లో పరిశీలన పూర్తవ్వాలి. మండల వ్యవసాయాధికారి, రైతు పక్కన ఉండగా ఈ పరిశీలన జరగాలి. అయితే రైతు ఆ 10 రోజులు పనలను అలాగే వదిలేయలేడు. తడిసిన గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టమని, తిరగేసి ఆరబెట్టమని వ్యవసాయ శాఖే చెబుతుంది. రైతు ఆ సలహా పాటిస్తే అధికారి వచ్చే సరికి చేను వాన పడిన రోజు ఉన్నట్టు ఉండదు. అందుకే పనలు కదిలించక ముందే, తేదీ, స్థలం నమోదయ్యే ఫోటోలు తీసుకోవాలి. పంటను కాపాడుకోవడానికి ఉప్పు నీళ్లు కొట్టామనీ, పనలు తిరగేశామనీ లేఖలోనే చెప్పాలి. నష్టం తగ్గించుకోవడానికి రైతు పడ్డ శ్రమ అతనికే ఎదురు తిరగకూడదు.

సంఘం లేఖకు మరో ప్రయోజనం ఉంది. బీమా యూనిట్‌లో బీమా ఉన్న విస్తీర్ణంలో దెబ్బతిన్నది 25 శాతం దాటితే ప్రతి చేనూ చూడనక్కర్లేదు. నమూనాగా కొన్ని చేలు చూసి తేల్చిన నష్టశాతాన్ని, గడువులోగా సమాచారం ఇచ్చిన అర్హులైన రైతులందరికీ వర్తింపజేస్తారు. గ్రామంలో 400 ఎకరాలకు బీమా ఉండి, 120 ఎకరాల పనలు తడిశాయని పట్టికలో ఉంటే 30 శాతం అయినట్టే. విడివిడిగా పది మంది ఫోను చేస్తే ఈ లెక్క ఎవరికీ కనబడదు. ఇక్కడ ‘సమాచారం ఇచ్చిన’ అన్న షరతును గమనించాలి. పట్టికలో పేరు లేని రైతు చేను పక్క చేనంత తడిసినా అతనికి రాదు.

గడువే ఉండకూడదని నేను అనను. వాన తడి నాలుగైదు ఎండలకు ఆరిపోతుంది. ఆలస్యమైతే నష్టం వానదో, నిర్లక్ష్యందో చెప్పడం కష్టం. కానీ గడువు ఉన్నది నష్టాన్ని సకాలంలో చూడటానికే. తప్పనిసరి పరిస్థితుల్లో సమాచారం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిములను తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు చెప్పింది. 2017లో ఒక వాహనం చోరీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే ఆధారం చేసుకుని యజమానికి పరిహారం ఇప్పించింది. ఆలస్యాన్నే మన్నించగలిగినప్పుడు, 41వ గంటలో సంఘం నుంచి వివరాలతో సహా అందిన లేఖను ‘రైతు నేరుగా యాప్‌లో చెప్పలేదు’ అనే కారణంతో లెక్కచేయకపోవడం న్యాయం కాదు. పైగా రుణం తీసుకున్న సభ్యుల ప్రీమియం కట్టించేది చాలా చోట్ల సంఘమే. ఎవరికి బీమా ఉంది, ఎంతకు ఉంది, ప్రీమియం ఎప్పుడు కోశారు అన్న వివరాలను సమాచారం అందిన 48 గంటల్లో ధ్రువీకరించాల్సిన బాధ్యత బ్యాంకుది. ప్రీమియం కట్టించిన సంఘం దగ్గరా ఆ రికార్డు ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చిన లేఖను నమ్మకపోవడానికి కారణం లేదు.

కోత తర్వాత నష్టానికి రక్షణ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. సీజను నోటిఫికేషన్‌లో ఆ మాట లేకపోతే ఎంత మంచి లేఖా పనిచేయదు. తెలంగాణ 2020లో పథకం నుంచే తప్పుకుంది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది తప్పుకుని 2022 ఖరీఫ్‌లో తిరిగి చేరింది. వరి మునకను మళ్లీ స్థానిక విపత్తుల్లో చేర్చి, 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. దానికీ 72 గంటల గడువే. ఇక కోసిన వరికే కాదు, మునిగిన చేలకూ ఇలాంటి లేఖలు రాయాల్సి వస్తుంది.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌లో ఒక వాక్యం చేర్చాలి: రైతువారీ పట్టికతో సహకార సంఘం ఇచ్చిన లేఖ, అందులోని ప్రతి రైతూ ఇచ్చిన సమాచారంతో సమానం, గడువులోగా వచ్చిందా లేదా అన్నది లేఖ అందిన సమయాన్ని బట్టే చూడాలి. లేఖ అందినట్టు కంపెనీ అదే రోజు రసీదు నంబరు ఇవ్వాలి. ఇక సంఘం కార్యదర్శులకు ఒక మనవి. అప్లికేషన్ నంబర్లు, సర్వే నంబర్లు, బీమా విస్తీర్ణం ప్రీమియం కట్టిన వారంలోనే పట్టికగా చేసి, రెండు కాగితపు ప్రతులు సంఘం ఆఫీసులో ఉంచండి. వాన పడిన రోజు మీరు నింపాల్సింది కోసిన తేదీ, దెబ్బతిన్న విస్తీర్ణం, పంట ఉన్న స్థితి మాత్రమే అయ్యేలా చూసుకోండి.