మూడు డబ్బాల చరిత్ర

పోయిన వారం అచ్చంపేట బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో ఆధార్ కాపీ కోసం నిలబడ్డాను. నా ముందు మా వీధి పిల్లే ఒకతె, డిగ్రీ మూడో ఏడు చదువుతోంది, నోట్సు తీయిస్తోంది. మెషిన్ లోంచి కాగితం వేడివేడిగా బయటికొచ్చింది. చూస్తే పేజీకి మూడు డబ్బాలు. మొదటి డబ్బా మీద ‘ఆర్థిక’, రెండో దాని మీద ‘వ్యూహాత్మక’, మూడో దాని మీద ‘భావజాల’. ఒక్కో డబ్బాలో అయిదేసి పాయింట్లు, కింద ఆఫ్రికా బొమ్మ. ప్రశ్న మాత్రం పాతదే: 19వ శతాబ్దం చివర్లో ఐరోపా దేశాలు వలసల కోసం ఎందుకు ఎగబడ్డాయో వివరించండి.

“ఇదేందమ్మా?” అన్నాను.

“సార్, మాకు చెప్పే సారు గిట్లనే రాయమన్నడు. మూడు డబ్బాలు గీస్తే పేపర్ దిద్దేటాయనకు కండ్లకు కనవడ్తదంట. పాయింట్ లెక్కవెట్టి మార్కులేస్తరంట.”

ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మాటకు నాకు బీపీ పెరిగింది. పాయింట్లు లెక్కపెట్టడానికి ఇదేమైనా పత్తి మార్కెట్టా, సంచులు లెక్కేసి చీటీ ఇవ్వడానికి?

ఈ డబ్బాల పద్ధతి ఇప్పుడు ఊరూరా పాకింది. దాన్ని సమర్థించేవాళ్ళు ‘స్పష్టత’ అంటారు. నేను సోమరితనం అంటాను. డబ్బా గీసిన క్షణంలోనే ప్రశ్నలోని ప్రాణం పోతుంది. ప్రశ్న అడిగింది ‘ఎందుకు’ అని. డబ్బా చెప్పేది ‘ఏమేమి’ అని. ముడిసరుకులు, మార్కెట్లు, మిగులు పెట్టుబడి, నావికా స్థావరాలు, తెల్లవాడి బరువు, మత ప్రచారం. ఇవన్నీ కారణాలేనట, అన్నీ సమానమేనట, అన్నీ ఒకేసారి పనిచేశాయట. పిల్లలకు నేనొక చిన్న పరీక్ష చెప్పేవాణ్ణి. నువ్వు రాసిన పేరాలో 1885 కొట్టేసి 1785 అని రాసి చూడు. పేరా అప్పుడూ చెల్లిపోతే అది నీ ప్రశ్నకు జవాబు కాదు. ‘ముడిసరుకుల కోసం వచ్చారు’ అనే వాక్యం ఏ శతాబ్దానికైనా చెల్లుతుంది. అంటే ఏ శతాబ్దానికీ చెల్లదు.

ఆ డబ్బాల్లో నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది మొదటిది. దాన్ని నమ్మినవాళ్ళకు లోకమంతా లాభనష్టాల చిట్టా. హాబ్సన్ 1902లో అన్నాడు, లెనిన్ 1916లో రాశాడు, ఇక మాట్లాడే పనిలేదు అన్నట్టుంటారు. సరే, మన ఇంటి పక్క సంగతితోనే తేల్చుకుందాం.

1886 జనవరి 1న ఎగువ బర్మాను బ్రిటిష్ రాజ్యంలో కలిపేసినట్టు ప్రకటన వచ్చింది. అదే 1886లో హైదరాబాదు రాజ్యంలోని గనుల మీద లండన్ కంపెనీ ఒకదానికి తొంభై తొమ్మిదేళ్ళ హక్కు దక్కింది. అప్పుడు గద్దె మీదున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, మన మహబూబ్‌నగర్‌కు పేరిచ్చినాయన. ఆ గనుల వ్యవహారం ఎంత కంపు కొట్టిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. కంపెనీ పెట్టినవాళ్ళు వాటాల్లో అధిక భాగం తమ పేరనే రాసుకున్నారు. నిజాం తరఫున బేరం కుదిర్చిన అధికారి అబ్దుల్ హఖ్ ఆ వాటాల్లోనే కొన్నిటిని నిజాం ఖజానాకు అమ్మించాడు. రైలు సంగతీ అంతే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని పేరులోనే ఉంది ‘గ్యారంటీ’. 1883 ఒప్పందంతో లండన్ వాటాదార్లకు నూటికి అయిదు వడ్డీ తప్పదన్న పూచీ నిజాం నెత్తిన పడింది. రైలు నష్టపోయినా వడ్డీ ఆగదు.

డబ్బాల మాస్టారికి ఇక్కడే ఒక ప్రశ్న. బొగ్గు దొరికింది, రైలు పడింది, వడ్డీ వచ్చింది, లాభం లండన్ చేరింది. మరి హైదరాబాదును కలుపుకోలేదేం? అవసరం పడలేదు కనుక. కోఠీలో రెసిడెంటు కూర్చునే ఉన్నాడు, సైన్యం సికింద్రాబాదులో ఉంది. కావలసిన సంతకం నిజాం చేతే పెట్టించుకోవచ్చు. డబ్బు ఆశ ఒక్కటే కారణమైతే మాండలే మీద ఎగిరిన జెండా ముందు హైదరాబాదు మీదే ఎగరాలి. ఎగరలేదు. అంటే డబ్బు ఆశ ఉన్నంత మాత్రాన రాజ్యం కలుపుకోవడం జరగదు. ఇంకేదో తోడవ్వాలి. ఆ ‘ఇంకేదో’ చెప్పడమే జవాబు.

అదేమిటో చూడాలంటే బర్మా కథ నెలల వారీగా తీయాలి. దిగువ బర్మాను ఇంగ్లీషువాళ్ళు 1826లో కొంత, 1852లో కొంత అప్పటికే మింగారు. పైన మాండలేలో థీబా రాజు. అక్కడి టేకు అడవుల్లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ ఏళ్ళ తరబడి దుంగలు కొట్టుకుంటోంది. రాజు ఉండగానే వ్యాపారం నడుస్తోంది, గుర్తుపెట్టుకోండి. రంగూన్ వర్తకులు 1884లోనే సభ పెట్టి ‘కలిపేయండి’ అని అరిచారు. కలకత్తా వినలేదు.

1885 జనవరిలో థీబా ఫ్రెంచివాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రాన్సు అప్పటికే పక్కన టోంకిన్‌లో యుద్ధం చేస్తోంది. ఆ ఏడాది నడుమ మాండలేకి ఫ్రెంచి కాన్సల్ హాస్ దిగాడు. బ్యాంకు పెడతారట, రైలు వేస్తారట, ఆయుధాలిస్తారట అని పుకార్లు. ఇప్పుడు కలకత్తాకి చెవులు వినపడ్డాయి.

దీన్ని పిల్లలకు ఎట్లా చెప్పాలి? మా అచ్చంపేట ప్లాట్ల ముచ్చటే చెప్తాను. శ్రీశైలం రోడ్డు పొడుగునా రాళ్ళు పాతిన వెంచర్లు చూడండి. కొన్నవాళ్ళలో సగం మందికి అక్కడ ఇల్లు కట్టే ఆలోచన లేదు. ‘ఎందుకు కొన్నవన్నా?’ అంటే ‘నేను కొనకుంటే బామ్మర్ది కొంటుండె’ అంటారు. భూమి విలువ పెరగలేదు, పక్కవాడి మీద భయం పెరిగింది. ధర ఆ భయానిదే. 1880లలో ఆఫ్రికాలోనూ చాలా చోట్ల జరిగింది ఇదే. ఆ మాటకొస్తే, బెర్లిన్ సమావేశంలో స్కేలు పెట్టి ఆఫ్రికాను పంచుకున్నారని ఆ నోట్సులో ఉంది. శుద్ధ అబద్ధం. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా అక్కడ తేల్చింది కాంగో, నైజర్ నదుల మీద వ్యాపారం సంగతి, తీరంలో కొత్తగా జెండా పాతేవాడు పాటించాల్సిన నియమాల సంగతి. పంపకాలు ఆ తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని చేసుకున్నవే ఎక్కువ.

మళ్ళీ బర్మాకి. 1885 ఆగస్టులో మాండలే దర్బారు ఆ టేకు కంపెనీ మీద 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. తీసిన దుంగలు ఒక లెక్క, చూపించి సొమ్ము కట్టినవి ఒక లెక్క అని ఆరోపణ. వర్తకుల గొడవ, ఫ్రెంచి భయం ఒక్కచోట కలిసిన క్షణం అది. జరిమానా కట్టలేక కంపెనీ వెళ్ళిపోతే ఆ అడవుల్లోకి ఫ్రెంచివాడు దిగుతాడని అనుమానం. అక్టోబరు 22న వైస్రాయ్ డఫ్రిన్ హెచ్చరిక పంపాడు. కంపెనీ మీద చర్య ఆపాలి, మాండలేలో ఇంగ్లీషు ప్రతినిధిని ఉంచుకోవాలి, పరదేశాలతో వ్యవహారం మమ్మల్ని అడిగే చేయాలి, చైనాతో మా వ్యాపారానికి దారివ్వాలి. ఆ కోరికలు వరసగా చదవండి. మాస్టారి మూడు డబ్బాల్లో రెండు ఒకే కాగితంలో, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వాటిని విడదీస్తే రెండూ అబద్ధమవుతాయి.

ఇంకో తమాషా. అప్పటికి ఫ్రెంచి ముప్పు నిజానికి తగ్గింది. టోంకిన్‌లో దెబ్బతిని మార్చిలోనే ఫెర్రీ ప్రభుత్వం కూలింది, బర్మా విషయంలో ఫ్రాన్సు వెనక్కి తగ్గింది. మరి యుద్ధమెందుకు? అడ్డుకునేవాడు లేడు కాబట్టే. పైగా ఇంగ్లండులో నవంబరు చివర ఎన్నికలు. ఇండియా వ్యవహారాల మంత్రి రాండాల్ఫ్ చర్చిల్ బర్మింగ్‌హామ్‌లో పోటీలో ఉన్నాడు. కొత్త మార్కెట్ తెచ్చానంటే ఫ్యాక్టరీ పట్నాల్లో నాలుగు ఓట్లు రాలతాయి. ఎన్నికలనే కారణం ఏ డబ్బాలో ఉంది? ఏ డబ్బాలోనూ లేదు.

నవంబరు నడుమ ఇరావతి మీద పడవలు కదిలాయి. 28 నాటికి మాండలే వాళ్ళ చేతికొచ్చింది. థీబాను రత్నగిరికి పంపేశారు, 1916లో అక్కడే పోయాడు. ‘సులువుగా అయిపోయింది’ అని రాసేవాళ్ళు గమనించాలి, ఆ తర్వాత ఊళ్ళల్లో తిరుగుబాట్లు అణచడానికి ఏళ్ళు పట్టింది.

మూడో డబ్బా గురించి రెండు ముక్కలు చాలు. థీబా క్రూరుడు, రాజకుటుంబాన్ని చంపించాడు, ప్రజలను విడిపించడానికే వెళ్ళాం అన్నారు. ఆ హత్యలు జరిగింది 1879లో. అప్పుడు కలుపుకోలేదు, తమ రెసిడెంటును వెనక్కి పిలుచుకుని ఊరుకున్నారు. ఆరేళ్ళ తర్వాత ఆ నెత్తురు హఠాత్తుగా గుర్తొచ్చింది. దాన్ని కారణమంటారా, సాకంటారా? ఆ సాకును నమ్మిన ఓటర్లు ఉన్నారన్నది వేరే సంగతి.

ఖర్చు మాత్రం మన నెత్తినే పడింది. 1885 డిసెంబరులో బొంబాయిలో కూర్చున్న మొట్టమొదటి కాంగ్రెసు, ఎగువ బర్మాను కలపొద్దని, కలిపినా ఇండియా నుంచి వేరుగా ఉంచమని తీర్మానం చేసింది. ఎవరూ వినలేదు. ఆ తర్వాత రంగూన్ రేవులో బస్తాలు మోసింది ఎవరు? మన తెలుగువాళ్ళే. గోదావరి, విశాఖ, గంజాం నుంచి మేస్త్రీల వెంట పోయినవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలు అన్నారు. 1930లో రంగూన్ రేవు గొడవల్లో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. గుంపు మేస్త్రీకి బాకీపడి కదిలిపోవడమేమిటో పాలమూరు పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ మాట ఏ నోట్సులోనూ ఉండదు.

అయితే ఎట్లా రాయమంటారు అని ఆ పిల్ల అడిగింది. నా దగ్గరేమీ మంత్రం లేదు. ఒక్క దేశం పట్టుకో, నెలలు వరసలో పెట్టు, ఎవరికి ఎప్పుడు ఏ భయం పుట్టిందో రాయి, కలుపుకోని హైదరాబాదును పక్కన నిలబెట్టు అన్నాను. “పదిహేను మార్కులకు అంత టైమ్ యాడుంటది సార్?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆధార్ కాపీ తీసుకుని వచ్చేశాను.

పేపర్లు దిద్దే మిత్రులకు ఒక్క విన్నపం. ఈసారి మూడు డబ్బాలు కనబడితే పాయింట్లు లెక్కపెట్టకండి. పక్కన ఎర్ర సిరాతో ‘మరి హైదరాబాదును ఎందుకు వదిలేశారు?’ అని రాసి, సగం మార్కులు కోసేయండి.