రాజ్మాకు మరుగు, కర్రపెండలానికి నీళ్లు

ఎండు ఎర్ర రాజ్మాలోనూ కర్రపెండలం దుంపలోనూ సహజంగానే విషం ఉంటుంది. అది కల్తీ వల్ల చేరిందీ కాదు, పురుగుమందుల వల్ల వచ్చిందీ కాదు. పురుగుల నుంచి, మేసే జంతువుల నుంచి తన గింజనూ దుంపనూ కాపాడుకోవడానికి మొక్క సిద్ధం చేసుకున్నదే. సరిగ్గా వండితే రెండూ నిశ్చింతగా తినదగ్గ ఆహారాలే. అయితే విషం పోయే తీరు రెండింటికీ ఒకటి కాదు. రాజ్మా విషాన్ని మరిగే వేడి చంపుతుంది. కర్రపెండలం విషం వేడికి లొంగదు. దాన్ని దుంపలోంచి బయటికి రప్పించి, నీళ్లతో పాటు పారబోయాలి. ‘బాగా ఉడికిస్తే చాలు’ అని రెండింటికీ కలిపి చెప్పే సలహా సగమే నిజం. ఆ మిగతా సగం వంటింటికీ, హాస్టల్ వంటశాలకూ, సరుకు ప్యాకెట్ మీదికీ చేరాలన్నదే ఈ కరపత్రం ఉద్దేశం.

రాజ్మాలో ఉన్నది ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్. ఇది ఒక రకం ప్రొటీన్. పేగు లోపలి పొరను పట్టుకుని దెబ్బతీస్తుంది. ఎర్ర రక్తకణాలను ముద్దకట్టించే గుణం కూడా దీనికి ఉంది కాబట్టి, ఆ శక్తిని బట్టే దీన్ని కొలుస్తారు. ఆ కొలతలో పచ్చి ఎర్ర రాజ్మాకు 20,000 నుంచి 70,000 యూనిట్లు వస్తే, పూర్తిగా ఉడికిన గింజలకు 200 నుంచి 400 మాత్రమే వస్తాయి. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, గంట నుంచి మూడు గంటల లోపు వికారం, ఆగని వాంతులు, ఆ తర్వాత విరేచనాలు మొదలవుతాయి. చాలామంది మూడు నాలుగు గంటల్లో తేరుకుంటారు. అందుకే ఎక్కువసార్లు ‘బయటి తిండి పడలేదు’ అన్న మాటతో సరిపోతుంది, అసలు కారణం ఎవరికీ తట్టదు.

తెలుగు ఇళ్లలో రాజ్మాను రాత్రంతా నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో పెట్టడం అలవాటు. కుక్కర్ లోపలి వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, నానిన గింజలు మెత్తబడేసరికి లెక్టిన్ పని అయిపోతుంది. ఈ పద్ధతితో పేచీ లేదు. పేచీ కుక్కర్‌ను వదిలిపెట్టిన చోట వస్తుంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్న తెలుగువారి ఇళ్లలో కనిపించే స్లో కుక్కర్ అందులో మొదటిది. పొద్దున గింజలు, నీళ్లు, మసాలా వేసి ఆఫీసుకు వెళ్లిపోతే సాయంత్రానికి కూర సిద్ధంగా ఉంటుంది. కానీ తక్కువ మంట మీద ఆ పాత్రలో గింజల వేడి 75, 80 డిగ్రీల దగ్గరే ఆగిపోవచ్చు. ఆ వేడికి లెక్టిన్ చావదు సరికదా, 80 డిగ్రీల వరకే వేడెక్కిన గింజల్లో విషశక్తి పచ్చి గింజల కంటే అయిదు రెట్ల దాకా పెరగవచ్చని పరీక్షల్లో తేలింది. అంటే అరకొరగా వేడెక్కిన రాజ్మా పచ్చి రాజ్మా కంటే ప్రమాదకరం.

ఇక్కడే ఇంటివాళ్లను మోసం చేసే విషయం ఒకటుంది. గింజను వేళ్ల మధ్య నొక్కి చూసి, నలిగితే ఉడికినట్టు లెక్క వేయడం పప్పుల వంటలో అందరికీ అలవాటు. రాజ్మా దగ్గర ఆ పరీక్ష పనికిరాదు. తక్కువ వేడిలో గంటల తరబడి ఉన్న గింజ వెన్నలా నలుగుతుంది, విషం మాత్రం అందులోనే ఉంటుంది. మరోవైపు, బాగా నానిన గింజ పది నిమిషాలు తెర్లాక కూడా పంటికి గట్టిగానే తగలవచ్చు, విషం మాత్రం అప్పటికే చాలావరకు నశించి ఉంటుంది. రుచి చూసి కనిపెట్టే మార్గమూ లేదు. చూడాల్సింది గింజ మెత్తదనాన్ని కాదు, నీళ్లు ఎంతసేపు తెర్లాయన్నదాన్ని.

పొడి వేడి సంగతి జపాన్‌లో 2006లో బయటపడింది. తెల్ల చిక్కుడు గింజలను మూడు నిమిషాలు వేయించి, పొడి చేసి అన్నం మీద చల్లుకుని తింటే బరువు తగ్గుతారని ఒక టీవీ కార్యక్రమంలో చూపించారు. చూసినవాళ్లు ఇళ్లలో అలాగే చేశారు. దాదాపు వెయ్యి మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సుమారు వంద మంది ఆస్పత్రిపాలయ్యారు. ఆ గింజలు కూడా రాజ్మా జాతివే. ఎర్రవాటితో పోలిస్తే తెల్లవాటిలో లెక్టిన్ తక్కువని చెబుతారు, అయినా అంత పని చేశాయి. పెసల మొలకల్లాగే రాజ్మా మొలకలను కూడా పచ్చిగా తినమని చెప్పే ఆరోగ్య చిట్కాలు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. పెసలకు చెల్లింది రాజ్మాకు చెల్లదు.

పావుకిలో రాజ్మా వండే పద్ధతి ఇది. గింజలు కడిగి, వాటికి మూడింతల నీళ్లు పోసి కనీసం 5 గంటలు నాననివ్వాలి. రాత్రంతా అయితే మరీ మంచిది. నానితేనే వేడి గింజ నడిబొడ్డు దాకా తొందరగా చేరుతుంది. ఆ నీళ్లను వంటలో వాడకుండా పారబోసి, కొత్త నీళ్లు పోసి పెద్ద మంట మీద పెట్టాలి. నీళ్లు కుతకుత తెర్లడం మొదలయ్యాకే గడియారం చూడాలి. అక్కడి నుంచి పది నిమిషాలు నిలకడగా తెర్లడం కనీస నియమం; అమెరికా ఆహార శాఖ ఇంకాస్త జాగ్రత్తపడి అరగంట అంటుంది. ఆ తర్వాత మంట తగ్గించినా, స్లో కుక్కర్‌లోకి మార్చినా, మెత్తబడే దాకా ఎంతసేపు ఉంచినా ఇబ్బంది లేదు. డబ్బాల్లో వచ్చే రాజ్మా ముందే ఉడికినది కాబట్టి దానికి ఈ తతంగం అక్కర్లేదు.

కర్రపెండలం కథ వేరు. ఈ దుంపలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా దుంపలోనే, కానీ వేరే అరలో ఉంటుంది. దుంపను కోసినా, తురిమినా, నమిలినా రెండూ కలుస్తాయి. అప్పుడు హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అది 26 డిగ్రీల దగ్గరే ఆవిరయ్యే వాయువు కాబట్టి, వంటకు ముందే పుట్టిన సయనైడ్ గాలిలోనూ నీళ్లలోనూ పోతుంది. కడుపులోకి వెళ్లాక పుడితేనే ముప్పు. వంటలోని కిటుకంతా, పుట్టాల్సిన సయనైడ్‌ను కడుపు బయటే పుట్టించి పంపేయడంలో ఉంది.

మరిగే నీళ్లలో పెద్ద ముక్కలు ఒక్కసారిగా వేస్తే ఎంజైమ్ వెంటనే చచ్చిపోతుంది. లినమారిన్ మాత్రం వేడికి తట్టుకుని అలాగే మిగిలిపోతుంది. నీళ్లలోకి ఎంత దిగితే అంతే పోయినట్టు, మిగతాది ముక్కలోనే ఉంటుంది. దుంపను నిప్పుల్లో కాల్చినా, నూనెలో వేయించినా జరిగేది ఇంచుమించు ఇదే. రాజ్మాకు మేలు చేసిన పెద్ద మంట ఇక్కడ ఎదురుతిరుగుతుంది. తీపి రకాల్లో కిలో పచ్చి దుంపకు సయనైడ్ 50 మిల్లీగ్రాముల లోపే కాబట్టి, కాల్చిన దుంప తిన్నా చాలామందికి ఏమీ కాదు. చేదు రకాల్లో అది కొన్ని వందల మిల్లీగ్రాములకు చేరుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది తీపి రకంలోనూ పెరుగుతుంది. చేదు తగిలిన ముక్కను ఉమ్మేయాల్సిందే. కానీ చేదు లేనంత మాత్రాన విషం లేదని చెప్పడానికి వీల్లేదు.

ఇంట్లో వండేటప్పుడు ముందుగా దుంప రెండు కొసలూ కోసేయాలి. పైన గోధుమరంగు పొర, దాని కింద మందమైన తెల్లటి లేదా లేతగులాబీ తొక్క ఉంటాయి. రెండూ పూర్తిగా తీసేయాలి. కండలో కంటే తొక్కలోనే విషం ఎక్కువ. ఆ తొక్కను, ఆకును మేకలకూ పశువులకూ పచ్చిగా వేయకూడదు. కండను అంగుళం కంటే చిన్న ముక్కలు చేసి, నిండా నీళ్లు పోసి కొన్ని గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ పుష్కలంగా చన్నీళ్లు పోసి, మూత పెట్టకుండా పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు మెల్లగా వేడెక్కే ఆ కాసేపూ ఎంజైమ్‌కు పని చేసుకునే సమయం దొరుకుతుంది. ముక్క మెత్తబడ్డాక గంజి వార్చినట్టు నీళ్లు పూర్తిగా వార్చేయాలి. ఉప్పు, తాలింపు ఆ తర్వాతే. కేరళలో కర్రపెండలం వండేవాళ్లకున్న నీళ్లు వార్చే అలవాటు ఇందుకే పనికొస్తుంది. కొంచెం నీళ్లతో కుక్కర్‌లో పెట్టి, ఆ నీళ్లనే పులుసులో కలపడం మాత్రం పారబోయాల్సినదాన్ని వడ్డించడమే.

ఈ జాగ్రత్తలన్నీ తీపి రకాలకు. చేదు రకాలకు ఇవి చాలవు. ఆఫ్రికాలో వాటిని రోజుల తరబడి నానబెట్టి పులియబెడతారు, లేదా తురిమి పులియబెట్టి పిండి వేయిస్తారు. ఆ రోజులు తగ్గిస్తే ఏమవుతుందో కాంగోలోని బందుందు ప్రాంతంలో తెలిసింది. అక్కడ మూడు రోజులు నానబెట్టడం ఆనవాయితీ. తారు రోడ్డు పడి, కిన్షాసాకు కర్రపెండలం వ్యాపారం పెరిగాక, తొందరలో ఆ మూడు రోజులు ఒక్కరోజుకు కుదించుకుపోయాయి. పప్పు, చేప, మాంసం అంతగా దొరకని పేద ఇళ్లలో ఆడవాళ్లకూ పిల్లలకూ కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. కోంజో అనే ఈ పక్షవాతం ఒకసారి వస్తే తగ్గదు. తిండిలో తగినంత ప్రొటీన్ ఉంటే శరీరం కొద్దిపాటి సయనైడ్‌ను విరిచేసుకోగలదు. లేనివాళ్లకు ఆ రక్షణ కూడా ఉండదు. 1981 కరవులో మొజాంబిక్‌లోని నంపులా రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా దీని బారిన పడ్డారు.

సగ్గుబియ్యం గురించి భయం అక్కర్లేదు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల మిల్లుల్లో దుంపను తురిమి, నీళ్లతో కడిగి, పేరిన పిండినే తీసి ఆరబెడతారు కాబట్టి విషం చాలావరకు ఆ కడుగునీళ్లలోనే పోతుంది. అయితే మిల్లు కోసం పండించిన దుంపను కూరకు అమ్మడం సరికాదు. కూర రకమా, మిల్లు రకమా అని కొనేవాళ్లు అడగాలి, అమ్మేవాళ్లు చెప్పాలి. దుంప తిన్న కాసేపటికి తలనొప్పి, తల తిరగడం, వాంతులు, ఆయాసం వస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, తిన్నది కర్రపెండలం అని డాక్టర్‌కు ముందే చెప్పాలి. సయనైడ్‌కు విరుగుడు మందులున్నాయి, కానీ ఆలస్యమైతే అవి అందవు.

ఇదంతా కొనేవాళ్ల తెలివికే వదిలేయడం న్యాయం కాదు. బ్రిటన్‌లో ఎండు రాజ్మా ప్యాకెట్ మీద నానబెట్టి పది నిమిషాలు మరిగించమన్న సూచన మామూలుగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో పచ్చి కర్రపెండలం అమ్మేటప్పుడు తొక్క తీసి పూర్తిగా ఉడికించాలని చెప్పడం నిబంధన. ఇక్కడ రాజ్మా ప్యాకెట్లు అమ్మే కంపెనీలు ‘5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 10 నిమిషాలు తెర్లించాలి’ అన్న ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయాలి. హాస్టళ్ల వంటశాలల్లో గోడ మీద అదే వాక్యం ఉండాలి. రైతు బజార్లలో కర్రపెండలం కుప్ప పక్కన ‘తొక్క తీయండి, చన్నీళ్లలో వేసి ఉడికించండి, నీళ్లు వార్చేయండి’ అని ఒక అట్ట పెట్టాలి. యూట్యూబ్‌లోనూ పత్రికల్లోనూ వంటలు చెప్పేవాళ్లు స్లో కుక్కర్ రాజ్మా చూపించే ముందు ఆ పది నిమిషాల మరుగును తప్పకుండా చూపించాలి.