ఆ పాలు పారబోయండి

మా చెల్లెలు పురిటికి పుట్టింటికొచ్చింది. తన పాలు చాలడం లేదని డాక్టరుగారు డబ్బాపాలు కూడా పట్టమన్నారు. నలుగుర్ని పెంచిన అమ్మ ఇంట్లో ఉండగా మాకేం భయం అనుకున్నాం.

వారం తిరిగేసరికి పిల్లాడికి మలబద్ధకం, ఒకటే ఏడుపు. ఆకలేమోనని ఇంకో సీసా పట్టేవాళ్లం. డాక్టరుగారు మందు రాయకుండా, "పాలెలా కలుపుతున్నారో చూపించండి" అన్నారు. అమ్మ చెంచాని గోపురంలా నింపింది. "కాస్త ఎక్కువేస్తే బలమే కదండీ!"

మా డబ్బా మీద 30 మి.లీ. నీళ్లకి ఒక చెంచా అని ఉంది. అంటే 90కి మూడు. అదీ డబ్బాలో ఇచ్చిన చెంచాతోనే, అంచుకి సమంగా గీసి. గోపురాలు మూడేస్తే నాలుగు చెంచాల పొడి పడినా పడుతుంది. పాలు చిక్కనైతే వాటిలోని లవణాల్ని బయటికి పంపడానికి పసివాడి ఒంట్లో నీళ్లు ఖర్చయిపోతాయి. వాడు దాహంతో ఏడుస్తుంటే మనం ఆకలనుకుని మళ్లీ అవే పాలు పడతాం. అలాగని డబ్బా ఇంకో నాలుగు రోజులు రావాలని పల్చన చేస్తే పొట్ట నిండుతుంది గానీ బరువు పెరగడు. ముందు నీళ్లు గీత దాకా పోసి, తర్వాతే పొడి వెయ్యాలి.

నీళ్ల సంగతీ అంతే. అమ్మ కాచి చల్లార్చిన నీళ్లలో కలిపేది. మూత తియ్యని డబ్బాలోని పొడిలో కూడా సూక్ష్మజీవులు ఉండొచ్చు. అందుకే 70 డిగ్రీలకి తగ్గని నీళ్లలో కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. థర్మామీటరు అక్కర్లేదు. లీటరు నీళ్లు మరిగించి, దించి మూతపెట్టి, అరగంట లోపు కలిపితే చాలు. గ్లాసెడే కాస్తే త్వరగా చల్లారిపోతాయి. కలిపాక మూత బిగించిన సీసాని కుళాయి కింద చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలి. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చటి నీళ్లనే ఉంటుంది. అప్పుడు డాక్టర్నే అడగండి. రెండు నెలల్లోపు పిల్లలకీ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకీ మాత్రం తప్పక అడగాలి.

అసలు యుద్ధం మిగిలిన పాల దగ్గర జరిగింది. "పాలు పారబోస్తారుటే!" అని అమ్మ ఆ సీసాని వేణ్ణీళ్ల గిన్నెలో దాచేది, తర్వాత పట్టడానికి. పిల్లాడు చీకిన సీసాలోకి ఎంగిలి చేరుతుంది. ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మజీవులు ఇట్టే పెరుగుతాయి. మళ్లీ వెచ్చచేసినా లాభం లేదు. పిల్లాడు వదిలేసినవి పారబోయాల్సిందే. నోరు పెట్టని పాలైనా బయట రెండు గంటలు దాటితే అంతే. కలిపి చల్లార్చిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలికి పెడితే 24 గంటలు ఉంచొచ్చు. మా ఊళ్లో కరెంటు నమ్మకం లేదు కాబట్టి, రాత్రికి మరిగిన నీళ్లు ఫ్లాస్కులో పోసి ఉంచుకుని అప్పటికప్పుడే కలుపుతున్నాం.

అమ్మ ఇప్పుడు ముందు 60 మి.లీ.యే కలుపుతుంది. వాడు ఇంకా నోరు తెరిస్తే మరో 30. పారబోసే బాధ చాలావరకు తప్పింది, ఆవిడకీ నాకూ.