లెక్చర్ రికార్డ్ చేస్తే సరిపోదు, బోర్డు కూడా కావాలి

ఈ మధ్య ఏ ఫోన్ లాంచ్ చూసినా ఒక ఫీచర్ కామన్‌గా కనిపిస్తోంది: క్లాసులో రికార్డ్ చేయండి, ఫోనే టెక్స్ట్‌గా మార్చి సమ్మరీ ఇచ్చేస్తుంది అని. స్పెక్ షీట్‌లో బాగానే ఉంటుంది. కానీ ఆ సమ్మరీని రివిజన్ నోట్స్ అనుకుంటే మాత్రం మార్కులు పోతాయని నా అభిప్రాయం. మా ఇంట్లోనే పోయాయి.

మాది రాజమండ్రి. మా తమ్ముడు జేఎన్టీయూ కాకినాడ అనుబంధ కాలేజీలో బీటెక్ చదువుతున్నాడు. సార్ పర్మిషన్ తీసుకుని ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాస్ 50 నిమిషాలు రికార్డ్ చేశాడు. టాపిక్ పేజ్ రీప్లేస్‌మెంట్. ఫోన్ ఇచ్చిన సమ్మరీ చదువుకుని మిడ్‌లో బెలేడీ అనామలీ గురించి ఇలా రాశాడు: "ఫ్రేమ్‌లు పెరిగితే పేజ్ ఫాల్ట్‌లు పెరుగుతాయి." మార్కులు కట్.

"అన్నయ్యా, సార్ కూడా అదే చెప్పారు" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆ ముక్క మళ్లీ విన్నాం. సార్ అన్నది అది కాదు. "ఫిఫోలో, కొన్ని రిఫరెన్స్ స్ట్రింగ్‌లకి మాత్రం, ఫ్రేమ్‌లు పెంచినా ఫాల్ట్‌లు పెరగొచ్చు" అన్నారు. సమ్మరీలో "ఫిఫోలో", "కొన్ని", "పెరగొచ్చు" మూడూ ఎగిరిపోయాయి. డెఫినిషన్‌కి ప్రాణం ఆ మాటల్లోనే ఉంది. సమ్మరీ అంటేనే కుదించడం, కుదింపులో ముందు పోయేవి ఇలాంటి చిన్న మాటలే. అందుకే డెఫినిషన్ మాత్రం ఆ టైమ్‌స్టాంప్ దగ్గరికి వెళ్లి, విని, సార్ మాటల్లోనే రాసుకోవాలి. తర్వాత టెక్స్ట్‌బుక్‌తో సరిచూసుకోవాలి.

రెండో సమస్య ఇంకా పెద్దది. సార్ బోర్డు మీద లెక్క చేస్తున్న ఎనిమిది నిమిషాల ఆడియోలో వినిపించేది ఇంతే: "ఇప్పుడు ఇది పోతుంది, ఇక్కడ ఇది వస్తుంది, మళ్లీ ఫాల్ట్." ఏది పోయింది, ఏది వచ్చింది అన్నది చాక్‌పీస్‌కి తెలుసు, మైక్‌కి తెలియదు. సమ్మరీలో ఆ ఎనిమిది నిమిషాలు "ఒక ఉదాహరణ వివరించారు" అని ఒక్క లైన్ అయిపోయాయి. పరీక్షలో అడిగేది ఆ లెక్కే.

అదృష్టం కొద్దీ బోర్డు తుడిచే ముందు తమ్ముడి ఫ్రెండ్ ఒక ఫొటో తీశాడు. రిఫరెన్స్ స్ట్రింగ్ ఇది, చాలా పుస్తకాల్లో కూడా ఇదే ఉంటుంది:

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
```

దాన్ని నోట్స్‌లోకి ఇలా దించాం. మూడు ఫ్రేమ్‌లు ఉంటే మొదటి మూడు పేజీలకి మూడు ఫాల్ట్‌లు. 4 వచ్చినప్పుడు అందరికన్నా ముందు వచ్చిన 1 బయటికి పోతుంది. వెంటనే 1 కావాలి, కాబట్టి 2 పోతుంది. తర్వాత 2 కావాలి, 3 పోతుంది. 5 కోసం 4 పోతుంది. ఇక్కడికి ఏడు ఫాల్ట్‌లు. తర్వాతి 1, 2 లోపలే ఉన్నాయి, హిట్. 3, 4 కి రెండు ఫాల్ట్‌లు, చివరి 5 హిట్. మొత్తం 9.

ఇప్పుడు నాలుగు ఫ్రేమ్‌లు. మొదటి నాలుగూ ఫాల్ట్‌లే, తర్వాత 1, 2 హిట్. అక్కడే కథ తిరుగుతుంది. 5 రాగానే 1 పోతుంది, తర్వాత కావాల్సింది ఆ 1 నే. అలా చివరి ఆరు పేజీలకీ ఆరు ఫాల్ట్‌లు. మొత్తం 10. ఒక ఫ్రేమ్ ఎక్కువిచ్చినా ఒక ఫాల్ట్ పెరిగింది. అనామలీ అంటే ఇదే.

"ఫిఫోలో" అనే మాట ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఇదే స్ట్రింగ్‌ని ఎల్ఆర్‌యూతో చేసి చూడండి. మూడు ఫ్రేమ్‌లకి 10, నాలుగుకి 8 వస్తాయి. తగ్గింది. ఎల్ఆర్‌యూలో ఈ అనామలీ ఎప్పుడూ రాదు. తమ్ముడు రాసిన వాక్యం తప్పని చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

చివరికి 50 నిమిషాల క్లాస్ ఒక పేజీ అయింది: మూడు డెఫినిషన్లు, పక్కన వాటి టైమ్‌స్టాంప్‌లు, కింద ఈ లెక్క. ఆటో సమ్మరీని మేము పారేయలేదు, ఏ టాపిక్ ఏ నిమిషంలో ఉందో వెతకడానికి వాడాం. ఆ పనికి అది సూపర్.

కాబట్టి నా మాట: క్లాసులో ఫోన్ ఆడియో రికార్డ్ చేస్తూనే ఉండనివ్వండి, కానీ బోర్డు తుడిచే ముందు ఒక ఫొటో తీసి టైమ్ రాసుకోండి. నోట్స్ సరిగ్గా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి టెస్ట్ ఒక్కటే. పేజీ మూసేసి, తెల్లకాగితం మీద ఆ లెక్క మళ్లీ చేయండి. 9, 10 రాకపోతే మీ దగ్గర ఉన్నది ఇంకా సమ్మరీయే, నోట్స్ కాదు. తమ్ముడికి మొదటిసారి 9, 9 వచ్చాయి. రెండోసారికి సెట్ అయింది.