అర్జీ చిన్నదైతే మర్యాద తగ్గుతుందా?



మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా, తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, స్టేషన్ బోర్డులు చూసి. అందుకే తెలుగు అర్జీ దిద్దిపెట్టమని ఎవరైనా అడిగితే మొదట భయపడతాము. అయితే రైల్వే ఆఫీసులో ఏళ్ళ తరబడి అర్జీలు అందుకుని రిజిస్టరులో ఎక్కించినవాళ్ళం కాబట్టి, అందుకునేవాడి బాధ మాకు తెలుసు.

బెంగళూరు ఆఫీసులకు మనం కన్నడలోనే రాస్తాము. తెలుగు అర్జీ అవసరం పడేది ఎక్కువగా ఊరి భూమి విషయంలో. ఆంధ్రలో 1966 చట్టం నుంచి తెలుగు అధికార భాష. రెండు ఆదివారాల కిందట మడివాళలో మన సభ్యులొకరు, పెద్దాయన, చిత్తూరు వైపు ఒక తహశీల్దారుకు రాసిన అర్జీ తెచ్చారు. తండ్రి పోయి ఏళ్ళవుతున్నా పొలం ఇంకా ఆయన పేరునే ఉంది. అర్జీ పేజీన్నర. (నంబర్లు, తేదీలు ఇక్కడ మార్చి రాస్తున్నాము.)

మొదలు ఇలా ఉంది: “గౌరవనీయులైన మహారాజశ్రీ తహశీల్దారు గారి దివ్య సముఖమునకు తమ విధేయుడు సవినయముగా నమస్కరించి విన్నవించుకొను విన్నపము ఏమనగా...” తర్వాత తండ్రిగారి మంచితనం గురించి ఆరు వాక్యాలు. సర్వే నంబరు రెండో పేజీలో ఉంది. విషయం అనే వరుస లేనే లేదు.

అసలు చిక్కు అక్కడే. తపాలు అందుకునే గుమాస్తాకు రిజిస్టరులో ఉండేది ఒక్క వరుస చోటు. మీరు విషయం రాయకపోతే ఆయన తనకు తోచింది రాస్తాడు. “భూమి గురించి” అని రాస్తే ఆ కాగితం కొలతలు చూసే బల్ల మీదికీ పోవచ్చు, తగాదాలు చూసే బల్ల మీదికీ పోవచ్చు. మేమూ ఆ పని చేసినవాళ్ళమే.

కొట్టివేయడం మొదలుపెట్టి తొందరలో ఎక్కువ కొట్టేశాము. “అయ్యా” పోయింది, చివర “మా పేర్లు ఎక్కించండి” అని మిగిలింది. చదివి వినిపిస్తే పెద్దాయన ముఖం మాడ్చుకున్నారు. “ఇది అర్జీనా, ఆర్డరా?” అన్నారు. ఆయన అన్నది నిజమే.

అప్పుడు మాకు తెలిసింది, మన అర్జీలో మర్యాద నిలిచేది మూడు చోట్లేనని. పైన “గారికి”, “అయ్యా”. కింద “తమ విధేయుడు”. మధ్యలో అడిగే క్రియ. ఈ మూడోదే ముఖ్యం. “ఎక్కించండి” అంటే ఆజ్ఞలా వినిపిస్తుంది. “నమోదు చేయించవలసినదిగా కోరుతున్నాను” అంటే, పని చేసేది కింది ఉద్యోగి, చేయించే అధికారం మీది అని ఒప్పుకున్నట్టు. ఆ మాట పొడుగ్గా ఉన్నా దాన్ని ముట్టుకోకూడదు. మహారాజశ్రీ, దివ్య సముఖము, సవినయముగా అన్నవి చెప్పిందే మళ్ళీ చెప్పడం. ప్రతి వాక్యంలో “నేను” కూడా అక్కరలేదు, “జతచేశాను” అంటే ఎవరో తెలుస్తూనే ఉంది. “నా చేత జతపరచబడినవి” అన్నదీ అలాగే మారింది.

చివరికి మిగిలింది ఇది:

“తహశీల్దారు గారికి,
విషయం: తండ్రి మరణించినందున సర్వే నంబరు 142/2 భూమిని వారసుల పేర్లకు మార్చుట గురించి.
అయ్యా,
మా తండ్రి 12-8-2019న కాలం చేశారు. మా గ్రామంలో సర్వే నంబరు 142/2, ఖాతా నంబరు 87లో ఆయన పేరున 1 ఎకరా 20 సెంట్ల పొలం ఉంది. మా అమ్మ, నేను, మా చెల్లెలు వారసులము. మా మధ్య ఏ తగాదా లేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాసుపుస్తకం నకళ్ళు జతచేశాను. దయచేసి మా పేర్లు రికార్డులో నమోదు చేయించవలసినదిగా కోరుతున్నాను.
ఇట్లు,
తమ విధేయుడు”

దీని పైన ఊరు, మండలం, కింద సంతకం, చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. అర పేజీ కూడా లేదు.

ఇంత పొట్టిగా రాస్తే పొగరనుకుంటారని మనలో కొందరు పెద్దలంటారు. మేము ఒప్పుకోము. రోజుకు నలభై కాగితాలు చదివేవాడికి రెండో పేజీ దాకా వెతుక్కునే పని పెట్టడం ఏం మర్యాద? తండ్రిగారి మంచితనం తీసేసినందుకు మాత్రం మాకూ కష్టమనిపించింది. “కాలం చేశారు”లోని ఆ “రు” ఆయనకు దక్కాల్సిన గౌరవం ఇస్తోందని చెప్పి పెద్దాయనను ఒప్పించాము.

మళ్ళీ చదువుతుండగా ఇంకొకటి బయటపడింది. తగాదా లేదని రాశాము గానీ సంతకం ఒక్కరిదే. పాత పేజీన్నరలో అది ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు చివర “తమ విధేయులు” అని మార్చి, “కోరుతున్నాను”ను “కోరుతున్నాము” చేసి, ముగ్గురి సంతకాలకు చోటు వదిలాము. చెల్లెలుగారు హోసూరులో ఉంటారు. పెద్దాయన ఈ శనివారం బస్సెక్కి వెళ్తున్నారు, ఆ తర్వాతే తపాలులో వేస్తారు.