ఓటీ గంట కొట్టేస్తే దోస్తు కాకుండ పోతడా?

"పోస్టు వచ్చినంక దోస్తు దోస్తు కాదు" అని ప్రతి క్యాంపుల వినబడే మాట. మేము ఒప్పుకోం. చాలాసార్లు దోస్తానా చెడగొట్టేది పైకి పోయినోడు కాదు, కింద ఉన్న మనమే.

దుబాయ్‌ల మా రూంల నలుగురం. పదకొండేండ్లు ఒకే గిన్నెల వండుకొని తిన్నం. పోయినేడు ఒకడిని ఫోర్‌మన్ చేసిండ్రు. మిగిలిన ముగ్గురం సూపర్‌వైజర్లమే. ఇప్పుడు మా టైంషీట్ల మీద సంతకం వాడిది.

రెండో నెలలనే లొల్లి అయింది. స్లాబ్ పోసే రోజు రెండు గంటలు ఓటీ ఉంటదని లేబర్‌కు పొద్దున్నే చెప్పినం. సాయంత్రం పంపు చెడిపోయి పని ఆగింది. 14 మంది ఒక్క గంట ఓటీ చేసి వెళ్లిపోయిండ్రు. మేము మాత్రం రెండు గంటలు రాసినం. మనోడే కదా, సంతకం పెడతడనుకున్నం. వాడు ఒక గంట కొట్టేసిండు. లేబర్ ముందు ఇజ్జత్ పోయిందని నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు, అన్నం గూడ వేరే వండుకున్నం.

తప్పు ఎవరిది? గేటు పంచింగ్‌ల వాళ్లు పోయిన టైం పడి ఉంది. మేము రాసింది 14 గంటల దొంగ లెక్క. టైంకీపర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సంతకం పెట్టినోడి ఉద్యోగం పోతది, రాసినోడిది గూడ పోతది. అది దోస్తును అడిగే సాయం కాదు.

వాడి తప్పు గూడ ఉంది. కొట్టేసే ముందు ఫోన్ చేసి "మీరే దిద్దండి" అంటే మా మాట నిలబడేది. ఐదో రోజు ఇదే వాడి ముఖం మీద అన్నం. ఒప్పుకున్నడు.

అప్పటి నుంచి సైట్ల "ఏరా" బంద్, రూంకొస్తే మళ్ల "ఏరా"నే. వాడి మాట నచ్చకపోతే పక్కకు పిలిచి చెప్తం, లేబర్ ముందు ఎదురు చెప్పం. కానీ జాకీలు సరిగ లేని షట్టరింగ్ ఎక్కించమన్నా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని చేయించమన్నా, అందరి ముందే వద్దంటం. మా ఇంక్రిమెంట్ కాగితాలు వాడొక్కడే తేల్చడు. ఇంకొకరు గూడ చూడాలని ఇంజనీర్‌ను వాడే అడిగిండు. లేకుంటే ఇస్తే దోస్తుకు ఇచ్చిండంటరు, ఇయ్యకపోతే మేమే మొహం తిప్పుకుంటం.

ఇంకో నిజం. ఆ పోస్టు మీద మా ముగ్గురికీ ఆశ ఉండె. ఆ మంట దాచుకొని ఓటీ గంట పేరు చెప్పినం. మంట ఉంటే రూంల కూసోని మంటనే అని చెప్పుండ్రి. టైంషీట్ మీద తీర్చుకోకుండ్రి.