నూనె రాసిన జుట్టు ఎగరదు

డిగ్రీ చదువుతూనే కరీంనగర్, ఆదిలాబాద్ దుకాణాలకు ఫోన్‌తో రీల్స్ చేసిపెట్టేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. కొబ్బరినూనెలో మందారం, కరివేపాకు వేసి కాచి సీసాల్లో అమ్మే ఒకావిడ మిమ్మల్ని పిలిచిందనుకోండి. 'ఈ పక్క పలచటి జుట్టు, ఆ పక్క ఒత్తు జుట్టు పెట్టు తమ్మీ, జల్ది అమ్ముడుపోతది' అంటుంది. నా సలహా ఒక్కటే: ఆ జంట ఫొటో చేయకండి. మెరిసే జుట్టు చూపించండి, అది చాలు.

మెరుపు అబద్ధం కాదు. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి సన్నని పొర ఉంటుంది. పొలుసులు అణిగి ఉంటే మీద పడిన వెలుతురు ఒకే దిక్కుకు తిరిగొస్తుంది, లేచి ఉంటే చెదిరిపోతుంది. నూనె పూత ఆ పొరను నున్నగా చేస్తుంది. కండిషనర్ పనీ దాదాపు అదే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంత ఇంకి ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుందని 2003లో ఒక పరిశోధన వచ్చింది. చేసింది ఆ నూనె అమ్మే మారికో సంస్థ పరిశోధకులే, అదీ గుర్తుంచుకోండి. ఏమైనా అది ఉన్న వెంట్రుకను కాపాడే సంగతి, కొత్తది మొలిపించే సంగతి కాదు.

ఇక షూట్. అమ్మాయిని కిటికీకి వీపు పెట్టి, కొంచెం ఓరగా కూర్చోబెట్టండి. ఫ్రేములో కిటికీ పడకుండా జరిగి, వెనకాల నల్ల దుప్పటి కట్టండి. వెలుతురు వెనక నుంచి, పై నుంచి వస్తేనే జుట్టు వంపు మీద తెల్లటి పట్టీలాగా మెరుపు కనబడుతుంది. ఫోన్ ఫ్లాష్ వేస్తే ఆ పట్టీ పోయి జుట్టు చదునుగా కనబడుతుంది. స్క్రీన్ మీద జుట్టును తాకి, వెలుతురు కొంచెం తగ్గించి లాక్ చేయండి. లేకపోతే నల్ల జుట్టును ఫోను బూడిదరంగు చేసేస్తుంది. స్లో మోషన్ తీసేటప్పుడు ట్యూబ్‌లైట్లు ఆపేయండి. మన కరెంటుకు చాలా లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి, మామూలు కంటికి తెలియదుగానీ వీడియోలో చారలు వస్తాయి.

చాలామంది తడబడేది జుట్టు ఎగరేసే దగ్గర. నూనె పెట్టిన జుట్టు ఎగరదు, పాయలు పాయలుగా అంటుకుంటుంది. మరి నూనె యాడ్‌లో ఎగిరేది ఏది? తలంటుకుని ఆరిన జుట్టు. కాబట్టి ఆ వరుసే చూపించండి: మాడుకు నూనె రాయడం, తలస్నానం, ఆరబెట్టడం, ఆ తర్వాత టేబుల్ ఫ్యాన్‌ను కింద పెట్టి తక్కువ వేగంలో గాలి. నూనె షాట్‌కు బిగువుగా అల్లిన జడ చాలు, జడ మలుపుల్లో మెరుపు ఇంకా బాగా పడుతుంది. విగ్గు, అతుకుల జుట్టు వద్దు. ఆ మెరుపు మీ సీసాది కాదు.

జంట ఫొటో ఎలా తయారవుతుందో తెలిస్తే దాని మీద మోజు పోతుంది. 'ముందు' ఫొటోకు జుట్టు తడిపి, తల కిందికి వంచి, నడినెత్తిన లైటు పెడతారు. తడి జుట్టు అతుక్కుని మాడు బయటపడుతుంది. 'తర్వాత' ఫొటోకు జుట్టు ఆరబెట్టి, పాపిడి పక్కకు మార్చి, గడ్డం ఎత్తించి, లైటు వెనక్కి జరుపుతారు. రెండూ ఒకే గంటలో తీయొచ్చు. పట్టుకోవడమూ తేలికే. పాపిడి, మెడ మీద నీడ పోల్చండి, తర్వాత పొడవు చూడండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పదిహేను రోజుల్లో భుజం నుంచి నడుము దాకా వచ్చిందంటే అది వేరే మనిషి జుట్టే.

కేరళలో ధాత్రి హెయిర్ క్రీమ్ వాడితే ఆరు వారాల్లో జుట్టు పెరుగుతుందన్న ప్రకటన నమ్మి కొన్న ఒకాయన 2012లో ఫిర్యాదు చేశాడు. త్రిశూర్ జిల్లా వినియోగదారుల ఫోరం చివరికి కంపెనీకి, ప్రకటనలో నటించిన అనూప్ మీనన్‌కు చెరో 10,000 రూపాయల జరిమానా వేసింది. ఆ నటుడు తాను ఆ క్రీమ్ వాడలేదని, అమ్మ కాచిన నూనె వాడతానని విచారణలో ఒప్పుకున్నాడు. పదివేలే కదా అనకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారుకైనా, ప్రచారం చేసినవాళ్లకైనా కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కెమెరా ముందుకొచ్చి 'నేను వాడాను, పెరిగింది' అని చెప్పే మీ క్లాస్‌మేట్ కూడా ప్రచారకర్త కిందికి రావచ్చు.

దుకాణం ఆవిడ 'మరి నా నూనె పని చేస్తదని ఎట్ల తెలుస్తది?' అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. 'రాస్తే చిక్కు సులువుగా విడుతుంది' అన్నది కెమెరాకు కనబడే సంగతి. ఒకే మనిషి జుట్టులో ఒక పాయకు నూనె రాసి, పక్క పాయకు రాయకుండా, అదే కిటికీ దగ్గర, ఒకే షాట్‌లో, కట్ లేకుండా రెండింట్లోనూ దువ్వెన దించి చూపించండి. షూట్ ఒప్పుకునే ముందే వాట్సాప్‌లో ఒక వాక్యం పంపండి: 'పెరుగుదల, బట్టతల గురించిన మాటలు, జంట ఫొటోలు చేయను.' ఆవిడ ఒప్పుకున్నాకే అడ్వాన్సు తీసుకోండి.